ఏడు గడుల క్షమాపణ

మా కార్యాలయం పూర్తి పేరు 'ప్రజాప్రముఖుల క్షమాపణల పరిశీలన మరియు ధ్రువీకరణ సంచాలక కార్యాలయం'. బోర్డు మీద పట్టక చివరి రెండు మాటలు పక్కగోడ మీదికి వెళ్లాయి. ఆటోవాళ్లు మాత్రం 'సారీ ఆఫీసు' అంటారు. మొదట్లో నాకు చిన్నతనంగా ఉండేది గానీ, పూర్తి పేరు చెప్తే ఏ ఆటో ఆగదని తెలిశాక నేనూ అలాగే అంటున్నాను.

ఆరేళ్ల కిందట ఒక పెద్దమనిషి ఇచ్చిన ప్రకటన క్షమాపణా, కాదా అన్నదాని మీద చట్టసభ తొమ్మిది రోజులు స్తంభించింది. పదో రోజు అందరూ అలిసిపోయి, ఇలాంటివి తేల్చడానికి ఒక శాఖ ఉండాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ పెద్దమనిషి ప్రకటన సంగతి ఇప్పటికీ తేలలేదు. మా దగ్గర మొదటి ఫైలు అదే.

నా పేరు గుడిమెట్ల భానుమూర్తి, ఈ కార్యాలయంలో సీనియర్ పరిశీలకుణ్ణి. ప్రముఖుడి ప్రకటన వచ్చిన వెంటనే దాన్ని ఏడు గడుల పత్రంలో పెట్టి మార్కులు వేయడం నా పని. చేసిన పనిని పేరు పెట్టి చెప్పాడా అన్నది మొదటి గడి. అది చేసింది తానేనని ఒప్పుకున్నాడా అన్నది రెండో గడి. ఆ తర్వాత ఎవరికి చేశాడో చెప్పాడా, దానివల్ల ఆ మనిషికి ఏం పోయిందో తెలుసుకున్నాడా అని చూస్తాను. అయిదో గడిలో సాకులూ షరతులూ వెతుకుతాను. ఆరో గడికి వచ్చేసరికి చాలామంది రాలిపోతారు, ఎందుకంటే జరిగినదాన్ని ఎలా సరిదిద్దుతాడో అందులో రాయాలి. ఏడోది, మళ్లీ చేయనన్న మాట. ఏడింటికి అయిదు వస్తే 'అసలు క్షమాపణ' అన్న ముద్ర పడుతుంది, తక్కువైతే 'విచారం' అన్న ముద్ర. విచారం వేరు, క్షమాపణ వేరు. వాన వల్ల పక్కింటి పెళ్లి పందిరి తడిసినా నాకు విచారమే, కానీ ఆ వాన నేను కురిపించలేదు.

కన్నీళ్లకు మార్కులు లేవు. పద్నాలుగో నిబంధన ప్రకారం కన్నీటిని రుజువుగా స్వీకరించరాదు. ఒక ప్రముఖుడు చేతిరుమాలులో ఉల్లిపాయ ముక్క పెట్టుకుని వచ్చి, మా టైపిస్టుతో సహా అందరినీ ఏడిపించి వెళ్లాక ఆ నిబంధన చేర్చారు.

ఇక అసలు విషయం. ఒక మంత్రిగారు పెదగరికివలస అనే ఊళ్లో బడిని తనిఖీ చేశారు. మంత్రిగారి పేరు రాయడానికి నిబంధనలు ఒప్పుకోవు. మధ్యాహ్న భోజనం అయిపోయి, పద్నాలుగేళ్లుగా అక్కడ వంట చేస్తున్న కొరుపోలు నూకరత్నం మూత పెట్టిన సత్తు తపేలా ఒకటి చంకన పెట్టుకుని వెనక గేటు నుంచి ఇంటికి బయల్దేరింది. మంత్రిగారు ఆపారు. కెమెరాలు అటు తిరిగాయి. రెండువందల మంది పిల్లల ముందు "పిల్లల నోటికాడి కూడు ఎత్తుకుపోయే దొంగ ఇదిగో" అన్నారాయన. మూత తీసి చూడమని ఆవిడ మొత్తుకుంది. ఆయన చూడలేదు, అప్పటికే కారెక్కుతున్నారు. సాయంత్రానికల్లా ఆవిడను తీసేస్తూ ఆయన సంతకంతోనే ఉత్తర్వు వచ్చింది.

తపేలాలో ఉన్నది కుడితి. పిల్లలు పారేసిన మెతుకులూ కడుగునీళ్లూ కలిపి ఆవిడ తన గేదెకు పట్టుకెళ్తుంది. హెడ్‌మాస్టారు, గ్రామ పెద్దలు, పశువుల డాక్టరు అది కుడితేనని రాసి సంతకాలు పెట్టారు. అయినా మంత్రిగారిదే తప్పని ఎవరు రాస్తారు? ఉత్తర్వు అలాగే ఉండిపోయింది. పేపర్లు గోల పెట్టాక, ఇరవై రోజులకు మంత్రిగారు ప్రకటన ఇచ్చారు.

"పెదగరికివలస ఘటనకు సంబంధించి నా వ్యాఖ్యలను కొన్ని వర్గాలు సందర్భం నుంచి విడదీసి ప్రచారం చేశాయి. నా మాటల వల్ల ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే అందుకు విచారం వ్యక్తం చేస్తున్నాను. మహిళలంటే నాకు అపారమైన గౌరవం. నన్ను కన్నది కూడా ఒక మహిళే. అయితే పేదపిల్లల అన్నం విషయంలో రాజీపడే ప్రసక్తే లేదు. ఈ అంశాన్ని ఇంతటితో ముగించాలని అందరినీ కోరుతున్నాను."

నేను కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాను. పనితనం ఉన్న ప్రకటన. తప్పు లేదు, ఘటన ఉంది. దొంగ అన్న మాట లేదు, వ్యాఖ్యలున్నాయి. నూకరత్నం లేదు, 'ఎవరైనా' ఉన్నారు. పైగా వాళ్లు దెబ్బతిన్నారో లేదో ఇంకా తేలలేదు. నేరం కొన్ని వర్గాలది. మధ్యలో తల్లిగారిని తెచ్చి తనకు తానే ఒక మెచ్చుకోలు ఇచ్చుకున్నారు. 'అయితే' దగ్గర ఇచ్చిన నాలుగు మాటలూ వెనక్కి తీసేసుకున్నారు. చివర్లో అందరినీ నోరు మూసుకోమన్నారు. ఊరి పేరు తప్పులేకుండా రాసినందుకు మొదటి గడిలో అర మార్కు వేశాను. ఏడింటికి అర. నా పత్రం చూసి నాకే ముచ్చటేసింది.

ఆ ముచ్చట వరండాలోకి వచ్చేదాకానే. బెంచీ మీద నూకరత్నం కూర్చుని ఉంది. తన ఉత్తర్వు రద్దు చేయించమని పది రోజులుగా రోజూ వస్తోంది. నలభై అయిదేళ్లుంటాయి. పక్కన టిఫిన్ డబ్బా, ఒళ్లో కాగితాల సంచి.

"బావూ, మా మంత్రిగారు ఏటో సెప్పినారంట కదా. ఏటి సెప్పినారు?"

"అది మీకు చెప్పకూడదమ్మా."

"నా గురించే కదా సెప్పినారు?"

"అందుకే చెప్పకూడదు. మీరు సంబంధిత వ్యక్తి. మీరు వింటే మీ అభిప్రాయం పక్షపాతంగా ఉంటుంది."

ఆవిడ నా మొహంలోకి చూసింది. నేను మూడో నిబంధన చదివి వినిపించాను. క్షమాపణ ఎవరికి చెప్పారో వాళ్లు తప్ప మిగతా ఎవరైనా దాని మీద అభిప్రాయం చెప్పవచ్చని అందులో స్పష్టంగా ఉంది.

"సర్లెండి. నా ఉద్దోగం ఎప్పుడిస్తారు?"

అప్పుడు గానీ నాకు వెలగలేదు. తొమ్మిదో నిబంధన నాకు కంఠతా వచ్చు. 'అసలు క్షమాపణ' అని ముద్ర పడితే, ఆ తప్పు వల్ల వచ్చిన ఉత్తర్వులన్నీ పదిహేను రోజుల్లో రద్దు కావాలి. 'విచారం' అని ముద్ర పడితే ఫైలు మూసేయాలి. అంటే నేనంత నిజాయితీగా వేసిన అర మార్కుతో మంత్రిగారికి ఏమీ కాదు. ఈవిడ పని శాశ్వతంగా పోతుంది. ఆరేళ్లలో ఇలా ఎన్ని ఫైళ్లు ముచ్చటగా మూశానో లెక్కపెట్టబోయి మానుకున్నాను.

"పరిశీలనలో ఉందమ్మా," అన్నాను.

మర్నాడు సంచాలకులు ఐతరాజు పురుషోత్తంగారు నన్ను పిలిచారు. ఆయన మామూలు తెలుగు మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. ఇంట్లో కాఫీ కూడా ఉత్తర్వు భాషలోనే అడుగుతారని మా అందరి అనుమానం.

"మూర్తిగారూ, సదరు గౌరవనీయ మంత్రివర్యుల ప్రకటన విషయమై పైస్థాయి నుండి ఆసక్తి వ్యక్తమైనది. సదరు ప్రకటన అసలు క్షమాపణగా నిర్ధారణ కావలసిన ఆవశ్యకత ఏర్పడియున్నది."

"అర మార్కు వచ్చిందండి."

"అర మార్కు అనునది ఒక ప్రారంభము. ప్రామాణిక బాధితునిపై ప్రయోగించినారా?"

ప్రామాణిక బాధితుడు మా ఉద్యోగి ముక్కామల విశ్వపతి. అసలు బాధితులు పక్షపాతంతో ఉంటారు కాబట్టి, తటస్థంగా బాధపడటానికి ఒక పోస్టు మంజూరైంది. పోటీ పరీక్షలో నెగ్గి వచ్చాడు. టీలో చక్కెర తక్కువైతే కళ్లలో నీళ్లు తిరిగే మనిషి. ప్రకటనను అతని ముందు చదివి, మనసు కుదుటపడిందా లేదా అని నమోదు చేస్తాం.

విశ్వపతిని కుర్చీలో కూర్చోబెట్టి ప్రకటన చదివాను. అతను కళ్లు మూసుకుని విన్నాడు.

"ఎలా ఉంది?" అన్నాను.

"హాయిగా ఉంది సార్."

"ఎందుకని?"

"ఎవర్ని అన్నాడో, ఏమన్నాడో అందులో లేదు కదండీ. నన్ను మాత్రం కాదు. వాళ్లమ్మగారి మాట చాలా బాగుంది."

పోయిన వారమే విశ్వపతికి కోరుకున్న ఊరికి బదిలీ అయింది. నేను ఆ సంగతి గుర్తు చేశాను. అది పరిశీలనకు అక్కర్లేదని సంచాలకులు సెలవిచ్చి, రెండు మార్కులు కలిపించారు. రెండున్నర. ఇంకో రెండున్నర కావాలి. ఆరో నిబంధన ప్రకారం, మార్కులు తగ్గిన గడులకు ప్రముఖుడు తన సంతకంతో ఒక అనుబంధ వివరణ దాఖలు చేసుకోవచ్చు. ఆ మాటే చెప్పాను.

"తక్షణమే దాఖలు చేయించవలసినది," అన్నారాయన.

అనుబంధం రాయడానికి మంత్రిగారి ప్రకటనల సలహాదారు ఆచంట సుందరరామంగారు వచ్చారు. ఇరవై రెండేళ్లుగా మూడు పార్టీలకు ప్రకటనలు రాసిన మనిషి. తెల్లటి లాల్చీ, జేబులో రెండు పెన్నులు. వస్తూనే నా చేతులు పట్టుకున్నారు.

"అర మార్కు వేశారటగా! మీ పత్రం చదివానండీ. ఇన్నాళ్లకి నా పని అర్థమైన మనిషి ఒకడు దొరికాడు. ఒక్క సంగతి చెప్పనా? నా ప్రకటనల్లో 'నేను' పక్కన 'చేశాను' అన్నది ఈ ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా కూర్చోలేదు."

"ఇవాళ కూర్చోవాలండి. గడులు ఒక్కొక్కటే నింపుదాం. ఏం చేశారు మంత్రిగారు?"

"ఒక ఘటన జరిగింది."

"వాటంతటవే జరిగేవి మా దగ్గరికి రావండి, వాతావరణ శాఖకి వెళ్తాయి. ఏమన్నారు?"

"ఒక మాట దొర్లింది."

"ఏ మాట?"

ఆయన పెన్ను మూత తీశారు, పెట్టారు, మళ్లీ తీశారు. "దొంగ," అని రాశారు.

"ఎవరు అన్నారు?"

"అనడం జరిగింది అని రాయొచ్చా?"

"సున్నా వస్తుంది."

మొత్తానికి 'నేను అన్నాను' అని రాసేసరికి ఆయన నుదురు తడిసింది. మంచినీళ్లు తెప్పించాను. మూడో గడిలో 'ఒక మహిళ' అన్నారు. రాష్ట్రంలో చాలామంది మహిళలున్నారని మనవి చేశాను. పేరు రాశారు. నాలుగో గడిలో మనోభావాలు అన్నారు.

"ఆవిడ పని పోయిందండి."

"పని పోవడం మనోభావం కాదంటారా?"

"కాదండి. పని పోవడమే. పిల్లల ముందు దొంగ అనిపించుకోవడం ఇంకోటి. రెండూ రాయండి."

అయిదో గడి దగ్గర ఆయన దాదాపు నా కాళ్ల మీద పడ్డారు. "మూర్తిగారూ, ఒక్క 'అయితే' ఉంచండి. చిన్నది. అది లేకుండా ఆయన ముందుకి ఏ కాగితం తీసుకెళ్లను? పోనీ 'ఒకవేళ'?"

"మూత తీయకుండా దొంగ అన్నారు. ఇందులో ఒకవేళ ఎక్కడుందండి?"

రెండు రోజులు పట్టింది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. రెండో రోజు సాయంత్రం ఆయన కాగితం వైపు అనుమానంగా చూశారు. "ఇది లోపలి కాగితమే కదా? బయటికి పోదు కదా?"

"మా ఫైలులోంచి కాగితం బయటికి వెళ్లిన దాఖలా లేదండి. లోపలికి వచ్చిందే దొరకదు," అన్నాను. నిజంగానే అన్నాను. నా దృష్టి కావలసిన రెండున్నర మార్కుల మీదే ఉంది.

ఆయన స్థిమితపడ్డారు. మర్నాడు ఆ కాగితం నలభై కాగితాల మధ్య మంత్రిగారి ముందుకు వెళ్లి, ఆకుపచ్చ సిరా సంతకంతో తిరిగొచ్చింది. అదే రోజు మంత్రిగారు విలేకరులను పిలిచి, తాను క్షమాపణ చెప్పేశాననీ, ప్రభుత్వ ధ్రువపత్రం కూడా వస్తోందనీ, ఇంత విశాల హృదయం ఎవరికుందో చూపించమనీ అన్నారు.

ఒక పని మిగిలింది. అనుబంధంలో రాసిన పేర్లూ వివరాలూ సరైనవో కాదో సంబంధిత వ్యక్తిని అడిగి సరిచూడాలి. ప్రకటన వినకూడదు గానీ అనుబంధం వినవచ్చు. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. నూకరత్నాన్ని లోపలికి పిలిచి కూర్చోమన్నాను. ఆరేళ్లలో ఆ కుర్చీలో అసలు బాధితులెవరూ కూర్చోలేదు.

చదివాను. "పెదగరికివలస బడిలో కొరుపోలు నూకరత్నాన్ని నేను రెండువందల మంది పిల్లల ముందు దొంగ అన్నాను. ఆమె చేతిలోని తపేలాలో కుడితి ఉంది. మూత తీసి చూడమని ఆమె అడిగినా నేను చూడలేదు. ఆమె దొంగ కాదు. నా మాట వల్ల ఆమె పద్నాలుగేళ్లుగా చేస్తున్న పని పోయింది, ఊళ్లో మాట పోయింది. తప్పు నాది. ఆమెను తీసేసిన ఉత్తర్వు రద్దు చేయిస్తాను. ఇకపై మూత తీసి చూడకుండా ఎవరినీ దొంగ అనను."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

"వివరాలు సరిగా ఉన్నాయామ్మా? తపేలా సత్తుదే కదా?"

"సత్తుదే. మంత్రిగారు ఇలగ సెప్పినారా బావూ?"

"చెప్పింది ఇది కాదమ్మా. ఇది వివరణ. చెప్పింది వేరే ఉంది."

"అదెలగుంటాది?"

నేను తలుపు వైపు చూశాను. ఆరేళ్ల ఉద్యోగంలో మొదటిసారి మూడో నిబంధన మీరి ప్రకటన చదివి వినిపించాను. మంత్రిగారి తల్లి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇందులో నా పేరే నేదు," అంది.

"అవును. కానీ దీనికే ముద్ర వేస్తున్నామమ్మా. వేస్తే మీ పని మీకొస్తుంది. మీకేం కష్టం?"

"కష్టమేటంటారా? ఆ కాగితంతో నాను బళ్లోకెల్తే సదువుకునే గుంటలేటనుకుంటారు? దొంగే గానీ మంత్రిగారు జాలిపడి ఒగ్గీసినారు అనుకుంటారు. రేపొద్దున నాను అన్నం వొడ్డిస్తే ఆళ్లు నా సేతులకేసి సూడరా?" ఆవిడ అనుబంధం మీద వేలు పెట్టింది. "ఈ కాగితంలో అంతా ఉంది కదా. సంతకం కూడా ఎట్టినారు కదా. మరి ఇదే సెప్పినారని రాయడానికి మీకేటి అడ్డం?"

నాకేటి అడ్డం? కుర్చీలో వెనక్కి వాలిపోయాను. నా ఏడు గడుల పత్రం తీసి, ప్రకటన పక్కన పెట్టి, అనుబంధాన్ని విడిగా పరిశీలించాను. ఒకటి, ఒకటి, ఒకటి. ఏడింటికి ఏడు. మా కార్యాలయ చరిత్రలో ఎవరికీ రాలేదు. భయమూ వేసింది, సంతోషమూ వేసింది.

నోటు ఇలా రాశాను: 'ప్రకటన విచారమనియు, దాని అనుబంధము అసలు క్షమాపణ అనియు నిర్ధారింపబడినవి.' దానికి ముందు ఆరు పేజీల సదరులూ యథావిధులూ పెట్టాను. పురుషోత్తంగారు ఆరు పేజీల కిందనున్నదేదీ చదవరు. 'అసలు క్షమాపణ' అన్న ముద్ర చూసి సంతృప్తి వ్యక్తం చేసి సంతకం పెట్టారు.

మూడో రోజు సుందరరామంగారు అప్పీలు పట్టుకుని వచ్చారు. లాల్చీ నలిగి ఉంది. సంచాలకుల గదిలో విచారణ.

"మా మంత్రిగారు క్షమాపణ చెప్పలేదని నిరూపించడానికి వచ్చానండి," అన్నారు.

"చెప్పితిమని విలేకరులతో అనియున్నారు కదా?"

"అది ప్రకటన గురించి అన్నారండి. ప్రకటన క్షమాపణ కాదని మీరే తేల్చారు. క్షమాపణగా తేలినదాన్ని ఆయన చెప్పలేదు. సంతకం చదవకుండా పెట్టారు."

పురుషోత్తంగారు కళ్లజోడు తీశారు. ఆయనకు మంత్రి అంటే భయమే, కాని ఫైలు అంటే భక్తి. "ఈ వాదనను నమోదు చేయవలసి వచ్చును. గౌరవనీయ మంత్రివర్యులు పత్రములను చదవకయే సంతకము చేయుదురు అని. అట్లయినచో ఆ వంట నిర్వాహకురాలిని తొలగించిన ఉత్తర్వు కూడ చదవకయే సంతకము చేసినట్లా?"

సుందరరామంగారు అవునంటే ఆ ఉత్తర్వు చెల్లదు. కాదంటే ఈ సంతకం చెల్లుతుంది. ఎటు తిరిగినా గరిటె నూకరత్నం చేతికే వస్తోంది.

"పోనీ, ఆయన మనసులో పశ్చాత్తాపం లేదండి," అన్నారు చివరికి. "రవ్వంత కూడా లేదు. కావాలంటే ప్రమాణపత్రం ఇస్తాం."

"సదరు పశ్చాత్తాపము యొక్క లభ్యత లేక అలభ్యత ఈ కార్యాలయ పరిధిలోనికి రాదు. ఇచట గడులు మాత్రమే పరిశీలింపబడును."

నేను మెల్లగా పదకొండో నిబంధన గుర్తు చేశాను. అసలు క్షమాపణ అని తేలినదాన్ని, తప్పు ఎక్కడ జరిగిందో అక్కడ, ఎవరి ముందు జరిగిందో వాళ్ల ముందు, తప్పు చేసిన మనిషే స్వయంగా చదవాలి. గుంపులో తిట్టి, గదిలో మన్నించమంటే చెల్లదు. ఇంకొకరి చేత చదివించినా చెల్లదు. సుందరరామంగారు నావైపు చూసిన చూపులో కోపం కన్నా దిగులే ఎక్కువ ఉంది. ఆయన ఇరవై రెండేళ్ల పేరు ఆ ఒక్క కాగితంతో పోయింది మరి.

అప్పీలు కొట్టేశారు. విలేకరుల ముందు అనేసిన మాట వెనక్కి తీసుకోలేక, పెదగరికివలస బడికి మంత్రిగారు వచ్చారు. విశాల హృదయం చూడటానికి అవే కెమెరాలు వచ్చాయి. రెండువందల మంది పిల్లలు వరసల్లో నిలబడ్డారు. పరిశీలకుడిగా నన్ను పంపారు. మంత్రిగారు కాగితం తీసి, ఎవరిదో ఉత్తరం చదువుతున్నట్టు గబగబా మొదలుపెట్టారు. 'దొంగ అన్నాను' దగ్గర వేగం తగ్గింది. 'మూత తీసి చూడమని ఆమె అడిగినా' దగ్గర గొంతు సవరించుకున్నారు. 'ఆమె దొంగ కాదు' అన్నప్పుడు మాత్రం పిల్లల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. దాంతో అందరూ కొట్టారు. ఆయన ఆగి నూకరత్నం వైపు చూశారు. బహుశా ఆవిడను చూడటం అదే మొదటిసారి. తపేలాను చూశారు గానీ ఆవేళ మనిషిని చూడలేదు.

చదవడం అయ్యాక కాగితం మడిచి, "అయితే..." అన్నారు.

నేను చెయ్యి ఎత్తాను. కెమెరాలు నా చేతి వైపు తిరిగాయి. మంత్రిగారు నోరు మూసుకుని, సీసాలో నీళ్లు తాగి, కారెక్కారు.

పనిలో చేరమన్న ఉత్తర్వు అక్కడే ఇప్పించి, సంతకం తీసుకుని, నేనూ బయల్దేరాలి. కాళ్లు మాత్రం వంటపాక వైపు వెళ్లాయి. నూకరత్నం అప్పటికే పొయ్యి దగ్గర కూర్చుని, ఎవరో మాడబెట్టిన గుండిగను గీకుతోంది.

"అమ్మా, మీతో ఒక మాట," అన్నాను. "మా కార్యాలయంలో మీకు ఏమైనా అసౌకర్యం కలిగి ఉంటే..."

ఆగిపోయాను. నాకు నేనే మార్కులు వేసుకున్నాను. సున్నా. ఆరేళ్లుగా ఇతరుల మాటల్లో ఏరిన రాళ్లన్నీ నా నోట్లోనే ఉన్నాయని తెలిసి సిగ్గేసింది. మళ్లీ మొదలుపెట్టాను.

"మిమ్మల్ని పదిహేను రోజులు వరండాలో కూర్చోబెట్టాను. మీ గురించి చెప్పిన మాట మీకే వినిపించలేదు. అర మార్కు వేస్తే మీ పని పోతుందని తెలిసి కూడా ఆ మాట మీకు చెప్పలేదు. అంతకుముందు మీలాంటి వాళ్ల ఫైళ్లు ఎన్నో మూశాను. తప్పు నాది. ఇంకెవరినీ అలా కూర్చోబెట్టను. ముందు వాళ్లకే చదివి వినిపిస్తాను."

ఆవిడ గీకడం ఆపి విన్నది. అంతా విన్నది.

"మరి ఏటి సేస్తారు?" అంది.

ఆరో గడి. దాన్ని మర్చిపోయాను. ఏం చేస్తాను? పోయిన రోజులు తెచ్చి ఇవ్వలేను. నా దగ్గర ఒక రబ్బరు ముద్ర తప్ప ఏమీ లేదు.

నూకరత్నం కత్తిపీట నావైపు తోసింది. పక్కన బుట్టెడు ఉల్లిపాయలున్నాయి. "రెండొందల మంది గుంటలకి సాంబారు గావాల. గంట కొట్టీడానికి ఎంతోసేపు నేదు. కూకోండి."

కూర్చున్నాను. నాలుగో ఉల్లిపాయకల్లా కళ్ల వెంట ధారగా కారడం మొదలైంది. కళ్లజోడు తీసి పక్కన పెట్టాను. ఆవిడ నా మొహంలోకి చూసి, పప్పు పొయ్యి మీద పెట్టింది.

పద్నాలుగో నిబంధన ప్రకారం అవి లెక్కలోకి రావు. బుట్ట ఖాళీ అయ్యేదాకా తరిగాను.